కొండలు, తుపానులు, ఉదాత్తత: రొమాంటిక్ ప్రకృతి చిత్రాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఉదాత్తత అంటే ఏమిటి? అందమైన దృశ్యానికీ ఉదాత్తమైన దృశ్యానికీ తేడా ఏమిటి?

ఇంగ్లిషు వాళ్ళు సబ్లైమ్ అనే భావనను తెలుగు విమర్శలో ఉదాత్తత అంటున్నారు కనుక ఇక్కడ కూడా ఆ మాటే వాడుతున్నాం. ఈ భావన చాలా పాతది. లాంగినస్ పేరుతో వచ్చిన గ్రీకు గ్రంథం దీనిని వాక్కుకు ఉండే మహత్తుగా చర్చించింది. అయితే కొండలకూ సముద్రాలకూ దీనిని గట్టిగా ముడిపెట్టి, చిత్రకారుల చేతికి అందించినవాడు ఐరిష్ రచయిత, రాజకీయవేత్త ఎడ్మండ్ బర్క్. 1757లో వచ్చిన ఆయన గ్రంథం అందాన్నీ ఉదాత్తతనూ రెండు వేర్వేరు మూలాల నుంచి పుట్టినవిగా చూపింది. చిన్నవి, నునుపైనవి, సుకుమారమైనవి మనలో ప్రేమను కలిగిస్తాయి. వాటిని అందమైనవి అంటాం. అపారమైనవి, గరుకైనవి, చీకటి కమ్మినవి, తలచుకుంటే మనలను నలిపివేయగలవి మనలో భయాన్ని కలిగిస్తాయి; ఉదాత్తత అక్కడి నుంచే పుడుతుందని ఆయన వాదన.

దీనికి ఆయన ఒక షరతు పెట్టాడు. ప్రమాదం మరీ దగ్గరగా ఉన్నప్పుడు మిగిలేది భయం ఒక్కటే. కొంత దూరాన ఉన్నప్పుడు మాత్రమే ఆ భయం ఒక వింతైన ఆనందంగా మారుతుంది. ఒడ్డున నిలబడి ఉప్పెనను చూస్తున్నవాడికీ, ఆ నీటిలో కొట్టుకుపోతున్నవాడికీ కలిగే అనుభవం ఒకటి కాదు. 1790లో జర్మన్ తత్త్వవేత్త కాంట్ కూడా మీదికి వాలిన కొండచరియలు, ఉరుములతో లేచే మేఘాలు, అగ్నిపర్వతాలు, పొంగే సముద్రం వంటివాటిని ఉదాహరణలుగా చెప్పి, మనం సురక్షితంగా ఉన్నంతవరకే అవి మనలను ఆకర్షిస్తాయన్నాడు. అయితే ఉదాత్తత ఉండేది కొండలో కాదనీ, కొండ ముందు తన శరీరం ఎంత అల్పమో తెలిసినా లొంగని మనస్సులో అనీ ఆయన నిర్ణయం.

కొండలను మనుషులు ఎప్పుడూ ఇలాగే చూశారా?

లేదు. యూరప్‌లో చాలాకాలం ఆల్ప్స్ పర్వతాలు దాటక తప్పని అడ్డంకులు మాత్రమే. 1681లో థామస్ బర్నెట్ అనే ఇంగ్లిషు మతాచార్యుడు, భూమి మొదట నునుపుగా ఉండేదనీ, కొండలన్నీ ప్రళయం మిగిల్చిన శిథిలాలనీ రాశాడు. అయినా ఆ శిథిలాలను వర్ణించేటప్పుడు ఆయన స్వరంలోనే ఒక విస్మయం వినిపిస్తుంది. 1688లో ఆల్ప్స్ దాటిన జాన్ డెన్నిస్ అనే రచయిత, అంచున నడుస్తుంటే భయమూ సంతోషమూ ఒక్కసారే కలిగాయని చెప్పుకున్నాడు. అంటే బర్క్ సిద్ధాంతం రావడానికి డెబ్బై ఏళ్ళ ముందే ఆ అనుభవం కొందరి నోట మాటగా వచ్చింది. చిత్రకారులు దానిని అందుకోవడానికి ఇంకా సమయం పట్టింది.

భయంకరమైనదాన్ని గీస్తే చాలు కదా, చిత్రం ఉదాత్తం అయిపోదా?

కాదు. పద్దెనిమిదో శతాబ్దం చివర నుంచి అనుభూతికీ ఊహకూ పెద్దపీట వేసిన రొమాంటిక్ చిత్రకారుల అసలు సమస్య ఇక్కడే మొదలైంది. చిత్రకళ ఉదాత్తతను సాధించగలదా అన్న విషయంలో బర్క్‌కే గట్టి అనుమానం ఉండేది. ఏ వస్తువైనా స్పష్టంగా కనబడి, దాని హద్దులు మన కంటికి అందితే, దాని మీద భయం చాలావరకు తగ్గిపోతుందని ఆయన అభిప్రాయం. చీకటిలో తెలియని చప్పుడుకు అదిరిపడినవాడు దీపం వెలిగించాక స్థిమితపడతాడు. కవి మాటలతో సగం చెప్పి సగం దాచగలడు. చిత్రకారుడు గీసినది మాత్రం కళ్ళెదుట ఉండి తీరుతుంది. సెయింట్ ఆంథోనీని పిశాచాలు పీడించే చిత్రాలు తాను చూసినంతవరకు వింత ఆకారాలుగానే తోచాయి తప్ప గంభీరమైన భావమేదీ కలిగించలేదని ఆయన రాశాడు.

కనుక చిత్రకారుడు తేల్చుకోవలసినది, కంటికి కనబడే కళలో కనబడనిదానికి చోటు ఎలా కల్పించాలన్నది. తుపాను ఆ పనికి అంతగా ఒదగడానికి కారణం అది భయంకరమైనది కావడం ఒక్కటే కాదు. అది దృశ్యాన్ని కప్పివేస్తుంది. మంచు, మేఘం, నీటి తుంపర అడ్డు రాగానే కొండ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు. అంచు తెలియని కొండను కన్ను కొలవలేదు, కొలవలేనిదాని ఎత్తు ఊహలో పెరుగుతూ పోతుంది.

దీనికి ఒక మంచి ఉదాహరణ చెప్పగలరా?

ఇంగ్లిషు చిత్రకారుడు జోసెఫ్ మాలర్డ్ విలియం టర్నర్ 1812లో లండన్‌లోని రాయల్ అకాడమీలో ప్రదర్శించిన చిత్రాన్ని మించిన ఉదాహరణ దొరకడం కష్టం. దాని పేరు "మంచు తుపాను: హానిబాల్, అతని సైన్యం ఆల్ప్స్ దాటుట". ఇది 146 సెంటీమీటర్ల ఎత్తు, 237.5 సెంటీమీటర్ల వెడల్పు గల తైలవర్ణ చిత్రం. ఇప్పుడు లండన్‌లోని టేట్ సంగ్రహంలో ఉంది. క్రీ.పూ. 218లో కార్తేజ్ సేనాని హానిబాల్ ఏనుగులతో సహా ఆల్ప్స్ దాటి రోమ్ మీదికి వెళ్ళిన ఘట్టం దీని కథాంశం.

ఆ కథ తెలిసినవాడు చిత్రంలో ముందుగా సేనానిని వెతుకుతాడు. గుర్తించగలిగేటట్టు అతడు ఎక్కడా లేడు. దూరాన, వెలుగు ఉన్న చోట, చాలా చిన్న ఏనుగు ఆకారం ఒకటి మాత్రం కనబడుతుంది. ఏనుగు వంటి జంతువును చీమంత చేసి పెట్టడంలోనే టర్నర్ ఉద్దేశం తెలిసిపోతుంది. మనకు బాగా తెలిసిన పెద్ద ప్రాణి అంత చిన్నగా ఉంటే, దాని మీద కమ్ముకున్న ఆకాశం ఎంత పెద్దదో లెక్క వేసుకోవలసిన పని మన మీద పడుతుంది.

చిత్రంలో ఎక్కువ భాగం ఆకాశమే. నల్లని మేఘం పెద్ద వంపు తిరిగి లోయ మీదికి దిగుతోంది. దాని వెనుక నారింజ పసుపు రంగు సూర్యబింబం వెలవెలబోతూ, వేడి లేని వెలుగు ఇస్తోంది. కుడివైపు కొండ మీద నుంచి తెల్లని హిమపాతం జారిపడుతోంది. దిగువన, రాళ్ళ మధ్య, సైన్యంలో వెనుకబడినవారి మీద కొండజాతివారు పడి దోచుకుంటున్నారు. దూరాన ఇటలీ మైదానాలు ఎండలో మెరుస్తున్నాయి. సైన్యం చేరవలసినది అక్కడికే.

ఆ చిత్రం నిర్మాణంలో కొత్తదనం ఏమిటి?

అంతకు ముందు ప్రకృతి దృశ్యాలను గీసే పద్ధతి ఒకటి స్థిరపడి ఉండేది. ఒక పక్క చెట్టు, మరో పక్క చెట్టు లేదా శిథిలం, మధ్యలో నీరు, ఒకదాని వెనుక ఒకటిగా దూరమయ్యే పొరలు: చూసేవాడి కన్ను మెట్టు మెట్టుగా లోపలికి నడిచి క్షితిజరేఖ దగ్గర సేద తీరుతుంది. హానిబాల్ చిత్రంలో టర్నర్ ఆ మెట్లు తీసివేశాడు. నిలువు గీతలకూ అడ్డ గీతలకూ బదులు ఒకదానినొకటి కోసుకునే వంపులతో చిత్రాన్ని కట్టాడు. కన్ను మేఘపు వంపు పట్టుకుని కిందికి జారి, హిమపాతం దగ్గర తెల్లదనంలో చిక్కి, మళ్ళీ సూర్యుడి వైపు తిరుగుతుంది, అక్కడా నిలవదు. సుడిగుండం వంటి ఈ కూర్పును ఆయన తర్వాతి ముప్ఫై ఏళ్ళలో మళ్ళీ మళ్ళీ వాడుకున్నాడు.

చూసేవాడు నిలబడే చోటు గురించి కూడా ఆయన ఆలోచించాడు. అకాడమీ వాళ్ళు ఈ చిత్రాన్ని మొదట ఒక ద్వారానికి పైన, ఎత్తున పెట్టారు. టర్నర్ ఒప్పుకోలేదు, దానిని కిందనే వేలాడదీయాలని, లేకపోతే చిత్రాన్ని వెనక్కి తీసుకుంటానని పట్టుబట్టాడు. చివరికి మరో గదిలో దిగువన చోటు దొరికింది. దీనిని చాలామంది ఆయన మొండితనానికి గుర్తుగా చెబుతారు కానీ, నాకు అది సాంకేతికమైన పట్టింపుగానే తోస్తుంది. ఎత్తున ఉంటే మేఘం మన నుంచి దూరంగా పోతుంది. కంటి మట్టానికి దిగితేనే ముందరి రాళ్ళు మన కాళ్ళ దగ్గరికి వచ్చి, మేఘం మన తల మీదికి వంగుతుంది. బర్క్ చెప్పిన దూరాన్ని చిత్రకారుడు గోడ మీద అంగుళాలతో సరిచేస్తున్నాడన్నమాట.

టర్నర్ ఆ తుపానును నిజంగా ఆల్ప్స్‌లో చూశాడా?

ఆల్ప్స్‌ను చూశాడు, ఆ తుపానును మాత్రం ఇంగ్లండ్‌లో చూశాడని చెబుతారు. 1802లో బ్రిటన్‌కూ ఫ్రాన్స్‌కూ మధ్య కొద్దికాలం శాంతి కుదిరినప్పుడు ఆయన స్విట్జర్లాండ్ వెళ్ళి, నాలుగు వందలకు పైగా రేఖాచిత్రాలతో తిరిగి వచ్చాడు. తర్వాత 1810లో, యార్క్‌షైర్‌లో తన పోషకుడైన వాల్టర్ ఫాక్స్ ఇంట్లో, ఫార్న్‌లీ హాల్‌లో ఉన్నప్పుడు ఎదుటి కొండల మీద పెద్ద ఉరుముల వాన కమ్మింది. టర్నర్ ఒక ఉత్తరం వెనుక దాని ఆకారాలనూ రంగులనూ గబగబా నమోదు చేసుకుని, పక్కనున్న ఫాక్స్ కొడుకుతో, రెండేళ్ళలో దీనిని మళ్ళీ చూస్తావు, అప్పుడు దీని పేరు ఆల్ప్స్ దాటుతున్న హానిబాల్ అవుతుంది అన్నాడని ఆ కుర్రవాడు పెద్దయ్యాక చెప్పాడు. అక్కడి ఓట్లీ షెవిన్ అనే కొండ ఎత్తు 282 మీటర్లు మాత్రమే.

ఈ వృత్తాంతంలో మనకు పనికివచ్చే సంగతి ఆయన పనిచేసిన క్రమం. కొండను ఒక చోట, వాతావరణాన్ని మరో చోట, కథను పుస్తకాలలో చూసి, మూడింటినీ కాన్వాసు మీద కలిపాడు. కథ విషయంలో ఆయనకు ముందున్నవాడు కూడా ఉన్నాడు. జాన్ రాబర్ట్ కోజెన్స్ 1776లో, హానిబాల్ తన సైన్యానికి ఇటలీ మైదానాలను చూపించే దృశ్యాన్ని ప్రదర్శించాడు. ఆ చిత్రం ఇప్పుడు లేదు. యువకుడిగా టర్నర్ కోజెన్స్ నీటిరంగుల చిత్రాలకు నకళ్ళు తీసి నేర్చుకున్నవాడే.

ఓడ స్తంభానికి కట్టించుకుని తుపానును చూశాడన్న కథ నిజమేనా?

ఆ కథ 1842 నాటి మరో మంచు తుపాను చిత్రానికి సంబంధించినది. అందులో ఒక ఆవిరి పడవ రేవు ముఖం దగ్గర, లోతు తక్కువ నీళ్ళలో, సీసపు గుండు కట్టిన తాడుతో లోతు చూసుకుంటూ సంకేతాలు ఇస్తోంది. చిత్రం పేరులోనే టర్నర్ ఇంత వివరం ఇచ్చి, ఏరియల్ అనే పడవ హారిచ్ రేవు నుంచి బయలుదేరిన రాత్రి తాను ఆ తుపానులో ఉన్నానని కూడా చేర్చాడు. నాలుగు గంటలసేపు తనను స్తంభానికి కట్టించుకున్నానని, బతుకుతానని అనుకోలేదని ఆయన చెప్పినట్టు తర్వాత రాశారు. అప్పటికి ఆయన వయస్సు అరవై దాటి చాలా ఏళ్ళయింది. ఆ పేరుతో ఆ రేవు నుంచి వెళ్ళిన పడవకు తగిన ఆధారాలు దొరకనందువల్ల పరిశోధకులు చాలామంది దీనిని నమ్మరు.

కథ నిజం కాకపోయినా ఆయన చెప్పదలచుకున్నది చిత్రంలో ఉంది. హానిబాల్ చిత్రంలో తుపాను ఎదుట ఉంది. ఇక్కడ చూసేవాడు తుపాను లోపల ఉన్నాడు. క్షితిజరేఖ ఒరిగిపోయి, నీరు, పొగ, మంచు ఒకే పదార్థంగా తిరుగుతున్నాయి. నిలకడగా తోచే చోటు ఎక్కడా మిగలలేదు. బర్క్ కోరిన సురక్షితమైన దూరాన్ని చిత్రకారుడు ఎంతవరకు తగ్గించగలడో ఇది ఆఖరి పరీక్ష. ఆనాటి ఒక విమర్శకుడు దీనిని సబ్బు నురుగు, సున్నం అని కొట్టిపారేస్తే, సముద్రం ఎలా ఉంటుందనుకుంటున్నారో, వాళ్ళు అందులో ఉండి చూస్తే బాగుండేదని టర్నర్ బాధపడ్డాడని ఇంగ్లిషు కళావిమర్శకుడు రస్కిన్ రాశాడు.

తుపాను లేకుండా ఉదాత్తత సాధ్యం కాదా?

సాధ్యమే. జర్మనీలో కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిక్ నిశ్చలతతోనే ఆ పని చేశాడు. 1808, 1810ల మధ్య ఆయన గీసిన "సముద్రం ఒడ్డున సన్యాసి" చిత్రంలో దిగువన సన్నని ఇసుక మేట, దాని మీద ఒక చిన్న మనిషి, ఆపైన నల్లని సముద్రపు పట్టీ, మిగిలినదంతా ఆకాశం. మొదట ఆయన సముద్రం మీద ఓడలు కూడా గీశాడని, తర్వాత వాటి మీద రంగు పూసి తీసివేశాడని పరారుణ కిరణాల పరీక్షలో తేలింది. ఓడ ఉంటే దాని పరిమాణాన్ని బట్టి దూరం తెలుస్తుంది. ఓడను తీసివేస్తే కొలబద్ద పోతుంది. టర్నర్ మేఘంతో కప్పి సాధించినదాన్ని ఫ్రీడ్రిక్ ఖాళీ చేసి సాధించాడు. బర్క్ శూన్యం, చీకటి, ఏకాంతం, నిశ్శబ్దం అనే నాలుగింటినీ ఉదాత్తతకు మూలాలుగా ఒకే చోట చెప్పాడు. ఈ చిత్రంలో ఆ నాలుగూ ఉన్నాయి.

పుస్తకాల అట్టల మీద తరచుగా కనిపించే "పొగమంచు సముద్రం పైన బాటసారి" కూడా ఈయనదే. సుమారు 1818 నాటిది. అందులోని మనిషి మనకు వీపు చూపిస్తూ నిలబడ్డాడు. ముఖం కనబడితే మనం అతని భయాన్నో సంతోషాన్నో చదువుతాం. వీపు మాత్రమే కనబడటం వల్ల అతడు చూస్తున్నదాన్నే మనమూ చూడవలసి వస్తుంది. అయితే ఈ చిత్రం నాకు సన్యాసి చిత్రమంత బలమైనదిగా తోచదు. ఇక్కడ మనిషి మధ్యలో, ఎత్తున, కొండలకంటే పెద్దగా ఉన్నాడు. విస్మయం కన్నా ఆధిపత్యమే ముందు కనిపిస్తుంది. కాంట్ మాటను అనుసరించి మనస్సు గెలుపును చూపిందనేవారు నాతో ఏకీభవించరు, వారి వాదనలోనూ బలం ఉంది.

ఈ చిత్రాలలోని కొండలు ఉన్నవి ఉన్నట్టు గీసినవేనా?

చాలావరకు కావు. బాటసారి చిత్రంలోని శిలలను ఫ్రీడ్రిక్ ఎల్బే నది ఒడ్డునున్న ఇసుకరాతి కొండలలో వేర్వేరు చోట్ల గీసుకుని, ఒక దృశ్యంగా పేర్చాడు. ఆయన ఆల్ప్స్‌కు ఎన్నడూ వెళ్ళలేదు. అయినా 1824, 1825లలో అక్కడి వాట్స్‌మన్ శిఖరాన్ని పెద్ద చిత్రంగా గీశాడు; శిఖరానికి ఆధారం తన శిష్యుడి నీటిరంగుల చిత్రం, ముందరి రాళ్ళకు ఆధారం హార్ట్జ్ కొండలలో తాను గీసుకున్నవి. టర్నర్ విషయం రస్కిన్ స్వయంగా పరిశీలించాడు. టర్నర్ గీసిన, ఆల్ప్స్‌లోని ఫైడో కనుమ నీటిరంగుల చిత్రాన్ని మనస్సులో పెట్టుకుని 1845లో ఆ స్థలానికి వెళ్ళి చూస్తే, అసలు లోయ చిత్రంలోనిదాని కంటే చాలా చిన్నది. రస్కిన్ దానిని తప్పుగా ఎంచలేదు. మైళ్ళ తరబడి భయంకరమైన కనుమల గుండా ప్రయాణించి వచ్చినవాడి మనస్సులో ఉన్న దృశ్యాన్ని టర్నర్ గీశాడని సమర్థించాడు.

ఉదాత్తతను సాధించిన చిత్రానికీ, హడావుడి మాత్రమే చేసిన చిత్రానికీ తేడా ఎలా తెలుస్తుంది?

ఒకే విషయం మీద వచ్చిన రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఫిలిప్ జేమ్స్ ద లూథర్‌బర్గ్ 1803లో ఆల్ప్స్‌లో హిమపాతాన్ని గీశాడు. ఆయనకు నాటక రంగస్థల దృశ్యాలను రూపొందించిన అనుభవం చాలా ఉంది. చిత్రంలో మంచు విరుచుకుపడుతుంటే ముందువైపు మనుషులు భయంతో చేతులెత్తుతున్నారు. మనం భయపడవలసినదంతా వాళ్ళే మన తరఫున భయపడేశారు. మన కన్ను వాళ్ళ భంగిమల దగ్గర ఆగిపోతుంది.

1810లో టర్నర్ ప్రదర్శించిన, స్విట్జర్లాండ్‌లోని గ్రిజన్స్ ప్రాంతపు హిమపాతం చిత్రంలో మనిషి అన్నవాడే లేడు. 1808లో ఆ ప్రాంతంలోని సెల్వాలో హిమపాతం కింద ఒకే ఇంట్లో పాతిక మంది చనిపోయారు. టర్నర్ ఆ ప్రాంతానికి వెళ్ళలేదు. చిత్రంలో ఒక చెక్క ఇల్లు, దాని మీద పడుతున్న పెద్ద బండ, వెనుక నుంచి తోసుకువస్తున్న మంచు మాత్రమే ఉన్నాయి. మంచును పాలెట్ నైఫ్‌తో మందంగా పూసినందువల్ల రంగుకే బరువు వచ్చింది. లోపలివాళ్ళు ఏమయ్యారో ఆయన చూపలేదు. చూపనందువల్లనే మన ఆలోచన ఆ ఇంటి గోడల దగ్గరే తిరుగుతుంది. చిత్రంలోని మనుషులు మనకు ఎలా స్పందించాలో నేర్పుతున్నారా, లేక మనలను ఆ దృశ్యం ఎదుట ఒంటరిగా వదిలేశారా అని అడిగితే చాలాసార్లు తేడా తేలిపోతుంది.

మన రససిద్ధాంతంలోని అద్భుతమూ ఇదీ ఒకటేనా?

దగ్గరివి, ఒకటి కావు. అద్భుత రసానికి విస్మయం, భయానక రసానికి భయం స్థాయిభావాలు. వాటిని మన లాక్షణికులు రెండు రసాలుగా విడివిడిగా లెక్కించారు. బర్క్ చెప్పిన అనుభవం ఆ రెండూ ఒకే క్షణంలో కలిసినది. దానికి మన సాహిత్యంలో సరిగ్గా సరిపోయే ఘట్టం భగవద్గీత పదకొండవ అధ్యాయం. విశ్వరూపాన్ని చూసిన అర్జునుడు, మునుపెన్నడూ చూడనిది చూసి సంతోషించాననీ, భయంతో తన మనస్సు వణుకుతోందనీ ఒకే శ్లోకంలో అంటాడు. అయితే అర్జునుడు చూసినది దేవుణ్ణి. చివరికి పాత రూపమే చూపమని వేడుకుంటాడు. రొమాంటిక్ చిత్రకారుడి ప్రేక్షకుడికి కనబడేది మేఘమూ కొండా మాత్రమే.

ఈ రెండింటికీ చరిత్రలో ఒక చిన్న ముడి కూడా ఉంది. చార్లెస్ విల్కిన్స్ గీతకు చేసిన ఇంగ్లిషు అనువాదం 1785లో వెలువడినప్పుడు, దానికి ముందు చేర్చిన లేఖలో వారెన్ హేస్టింగ్స్ ఆ గ్రంథంలోని భావనకు ఉన్న ఉదాత్తతను, సబ్లైమ్ అన్న మాటతోనే, మెచ్చుకున్నాడు. కొన్నేళ్ళకే అదే హేస్టింగ్స్‌ను బ్రిటిష్ పార్లమెంటు ఎదుట విచారణకు నిలబెట్టడంలో ముందున్నవాడు ఎడ్మండ్ బర్క్.

ఈ చిత్రాలను ఫోనులో చూస్తే సరిపోతుందా?

కూర్పు అర్థమవుతుంది, పరిమాణం అర్థం కాదు. హానిబాల్ చిత్రం వెడల్పు ఒక మనిషి చేతులు బార్లా చాచినదానికంటే ఎక్కువ. దాని ముందు నిలబడినవాడికి ఆకాశం చూపు అంచులు దాటిపోతుంది, తెర మీద అది అరచేతిలో ఇమిడిపోతుంది. పైగా ముద్రణలోనూ తెర మీదా నలుపులు మూసుకుపోయి, నల్లని మేఘంలో ఉన్న రంగుల పొరలు ఒకే మచ్చగా కనబడతాయి. మరో మార్గం లేనప్పుడు, టేట్ వెబ్‌సైటులో ఉన్న ప్రతిని వీలైనంత పెద్ద తెర మీద తెరిచి, ముందుగా కింది భాగాన్ని దగ్గరకు లాగి రాళ్ళ మధ్యనున్న మనుషులను, తర్వాత దూరపు వెలుగులోని ఏనుగును చూడండి. ఆ రెండు కొలతలూ మనస్సులో నిలిచాక పూర్తి చిత్రానికి తిరిగి వస్తే, మేఘం అసలు పరిమాణం కొంతవరకైనా కంటికి అందుతుంది.